స్టాండర్డ్, సబ్‌స్టాండర్డ్, డౌట్‌ఫుల్: ఏ అప్పుకి ఎంత ప్రొవిజన్? తరచుగా అడిగే ప్రశ్నలు

బి.కాం కార్పొరేట్ అకౌంటింగ్ రాసేవాళ్ళు, జేఏఐఐబీకి చదివే బ్యాంకు ఉద్యోగులు నన్ను అడిగే సందేహాలు ఏటా అవే. శాతాలు అందరికీ నోటికి వచ్చు. ఆ శాతాన్ని ఏ మొత్తం మీద వేయాలి, కాలాన్ని ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి అన్న దగ్గరే తడబడతారు. అందుకే అడిగినవాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు పెట్టి ఇక్కడ రాశాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఇవన్నీ వాణిజ్య బ్యాంకులకి ఆర్‌బీఐ పెట్టిన నిబంధనలు. పట్టణ సహకార బ్యాంకులకి, ఎన్‌బీఎఫ్‌సీలకి కొన్నిచోట్ల తేడాలున్నాయి.

## ఖాతా ఇంకా చెడకముందు

అప్పు బాగానే నడుస్తుంటే దానికి ప్రొవిజన్ ఎందుకు సార్?

నడుస్తున్న అప్పుల్లో కూడా రేపు కొన్ని ఆగిపోతాయి. అవి ఏవో ఈరోజు తెలియదు కాబట్టి మొత్తం మీద కొంచెం పక్కన పెట్టిస్తారు. వ్యవసాయానికి నేరుగా ఇచ్చిన అప్పులకి, సూక్ష్మ, చిన్న పరిశ్రమల అప్పులకి 0.25%. వ్యక్తుల ఇళ్ళ రుణాలకి కూడా 2017 నుంచి 0.25% చాలు. వాణిజ్య భవనాల రంగానికి 1%, అందులో నివాస గృహాల ప్రాజెక్టులకైతే 0.75%. మిగతా అన్నిటికీ 0.40%. ప్రశ్నలో రంగం పేరు చెప్పకుండా ‘స్టాండర్డ్ ఆస్తులు’ అని మాత్రమే ఇస్తే 0.40% వేసి, అలా అనుకున్నామని ఒక లైన్ రాయండి. ‘స్టాండర్డ్ కదా, సున్నా’ అని రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ మార్కు ఊరికే పోతుంది.

కిస్తీ మార్చి 31న కట్టాలి, కట్టలేదు. ఎన్‌పీఏ ఏ రోజు అవుతుంది?

జూన్ 29న. మార్చి 31 సాయంత్రం బ్యాంకు రోజువారీ ప్రాసెస్ ముగిసేసరికి డబ్బు రాకపోతే ఆ రోజే ఓవర్‌డ్యూ. ఏప్రిల్ 30కి కూడా రాకపోతే ఎస్‌ఎంఏ-1, మే 30కి ఎస్‌ఎంఏ-2, జూన్ 29కి ఎన్‌పీఏ. ఈ తేదీలు ఆర్‌బీఐ తానే 2021 నవంబరు వివరణలో ఉదాహరణగా ఇచ్చినవి. మూడు నెలలంటే జూన్ 30 అని రాసేవాళ్ళు ఎక్కువ. నిబంధన నెలల్లో లేదు, రోజుల్లో ఉంది. 90 రోజుల గడువు 2004 మార్చి 31తో ముగిసిన సంవత్సరం నుంచి అమల్లో ఉంది. అంతకుముందు 180 రోజులు. పాత గైడులో ఆరు నెలలు అని కనిపిస్తే అది అప్పటి మాట.

పంట రుణానికి కూడా 90 రోజులేనా?

కాదు. రైతుకి డబ్బు పంట చేతికి వచ్చాకే వస్తుంది కాబట్టి కొలత పంట కాలం. స్వల్పకాలిక పంటకి తీసుకున్న అప్పులో అసలో వడ్డీయో రెండు పంట కాలాల పాటు బాకీ ఉంటే ఎన్‌పీఏ. దీర్ఘకాలిక పంటకి ఒక్క పంట కాలం చాలు. దీర్ఘకాలిక పంట అంటే ఏడాది కంటే ఎక్కువ కాలం పట్టేది. ఏ పంటకి ఎంత కాలమో ఆ రాష్ట్రంలోని బ్యాంకర్ల సమితి నిర్ణయిస్తుంది. రైతు పేరు మీద ఉన్నంత మాత్రాన ప్రతి అప్పుకీ ఈ వెసులుబాటు రాదు. అదే రైతు తీసుకున్న బైకు లోనుకి 90 రోజులే.

ఎఫ్‌డీ మీద అప్పు ఇస్తే అదీ ఎన్‌పీఏ అవుతుందా?

సరిపడా మార్జిన్ ఉన్నంతవరకు కాదు. బ్యాంకు డిపాజిట్లు, ఎన్‌ఎస్‌సీ, కిసాన్ వికాస పత్రాలు, జీవిత బీమా పాలసీల మీద ఇచ్చిన అప్పులకి ఈ మినహాయింపు ఉంది. బంగారం అప్పుకి లేదు. పసిడి లాకర్‌లో భద్రంగా ఉన్నా, కిస్తీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏనే. బిట్ ప్రశ్నల్లో ఈ జాబితాలోకి బంగారాన్ని జొప్పించి అడుగుతుంటారు.

టర్మ్ లోన్ ఒక్కటే ఆగింది, సీసీ ఖాతా బాగానే నడుస్తోంది. రెండూ ఎన్‌పీఏ అవుతాయా?

అవుతాయి. వర్గీకరణ అప్పు తీసుకున్న మనిషిని బట్టి, ఖాతాని బట్టి కాదు. ఒకే పార్టీకి ఆ బ్యాంకులో మూడు ఖాతాలుండి ఒకటి చెడితే మూడూ చెడినట్టే. ప్రశ్నలో ‘అదే కస్టమర్‌కి చెందిన మరో ఖాతా సక్రమంగా ఉంది’ అనే వాక్యం వస్తే అది మిమ్మల్ని పక్కదారి పట్టించడానికి పెట్టిందే.

## సబ్‌స్టాండర్డ్ దశలో

సబ్‌స్టాండర్డ్‌కి 15% దేని మీద? సెక్యూరిటీ తీసేసి మిగిలిన దాని మీదా?

కాదు, మొత్తం బాకీ మీద. 40 లక్షల బాకీకి 25 లక్షల మిల్లు తాకట్టులో ఉన్నా ప్రొవిజన్ 40 లక్షల మీద 15%, అంటే 6 లక్షలు. తాకట్టు విలువనీ, ఈసీజీసీ గ్యారంటీనీ ఈ దశలో చూడరు. ఎన్‌పీఏ అయిన రోజు నుంచి 12 నెలల వరకు ఖాతా ఈ వర్గంలో ఉంటుంది. సెక్యూరిటీ ఉన్న భాగం, లేని భాగం అని విడదీసే పని డౌట్‌ఫుల్ అయ్యాకే మొదలవుతుంది. ఆ అలవాటు కొద్దీ సబ్‌స్టాండర్డ్‌ని కూడా విడగొట్టి 25 లక్షలకి ఒకటి, 15 లక్షలకి ఇంకొకటి వేసిన జవాబులు చాలా చూశాను.

మరి 25% అని కూడా చదివాను. అది ఎప్పుడు?

మొదటి నుంచీ సెక్యూరిటీ లేని అప్పు సబ్‌స్టాండర్డ్ అయినప్పుడు. 15%కి అదనంగా 10% కలిపి 25%. పర్సనల్ లోన్ 3 లక్షలు ఆగితే 75,000 రూపాయలు. ఇందులో ‘మొదటి నుంచీ’ అన్న మాట ముఖ్యం. అప్పు ఇచ్చిన రోజునే తాకట్టు విలువ బాకీలో 10% మించకుండా ఉంటేనే దాన్ని అన్‌సెక్యూర్డ్ అంటారు. ఇచ్చినప్పుడు 25 లక్షల ఆస్తి చూపి, తర్వాత దాని విలువ పడిపోతే ఆ అప్పు ఈ 25% కిందికి రాదు. అన్‌సెక్యూర్డ్ అయినా ఎస్క్రో ఖాతా రక్షణ ఉన్న మౌలిక వసతుల రుణమైతే 20% సరిపోతుంది.

రెండు కిస్తీలు కట్టాడు కదా, మళ్ళీ స్టాండర్డ్ అయిపోతుందా?

పాత బకాయి అంతా, అసలూ వడ్డీ కలిపి, పూర్తిగా కట్టేస్తేనే. ఐదు కిస్తీలు బాకీ ఉండి మూడు కడితే ఓవర్‌డ్యూ 90 రోజుల లోపుకి వస్తుంది కాబట్టి స్టాండర్డ్ చేసేయొచ్చని ఒకప్పుడు కొన్ని బ్యాంకులు అలాగే చేసేవి. 2021 నవంబరులో ఆర్‌బీఐ ఆ దారి మూసేసింది. ఇప్పుడు మూడు కట్టినా, నాలుగు కట్టినా ఐదోది కట్టేదాకా అది ఎన్‌పీఏనే.

## డౌట్‌ఫుల్ దశలో

డౌట్‌ఫుల్ ‘ఒక ఏడాది వరకు’ అంటే ఎన్‌పీఏ అయిన రోజు నుంచా, డౌట్‌ఫుల్ అయిన రోజు నుంచా?

డౌట్‌ఫుల్ అయిన రోజు నుంచి. అందరికంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి తేదీలతో చూద్దాం.

ఒక ఖాతా 2021 జూన్ 29న ఎన్‌పీఏ అయింది. 12 నెలలు సబ్‌స్టాండర్డ్‌గా ఉండి 2022 జూన్ 29న డౌట్‌ఫుల్ అయింది. అక్కడి నుంచి ఒక ఏడాది, అంటే 2023 జూన్ దాకా డీ-1. తర్వాతి రెండేళ్ళు, 2025 జూన్ దాకా డీ-2. ఆపైన డీ-3. ఇప్పుడు 2023 మార్చి 31న ఇది ఏ వర్గం? ఎన్‌పీఏ అయి 21 నెలలు దాటింది కాబట్టి ‘ఒకటి నుంచి మూడేళ్ళు’ అనుకుని డీ-2 రాస్తారు. కానీ డౌట్‌ఫుల్ అయి తొమ్మిది నెలలే కాబట్టి అది డీ-1.

ప్రశ్న చదివేటప్పుడు ‘30 నెలలుగా ఎన్‌పీఏ’ అన్నాడా, ‘30 నెలలుగా డౌట్‌ఫుల్’ అన్నాడా చూడండి. మొదటిదైతే ముందు 12 నెలలు తీసేయాలి, మిగిలిన 18 నెలలకి డీ-2 వస్తుంది. రెండోదైతే తీసేయడానికి ఏమీ లేదు. ఈ రెండు అంకెలకీ యాదృచ్ఛికంగా జవాబు ఒకటే, డీ-2. అదే 20 నెలలు, 40 నెలలు వేసి చూసుకోండి, వర్గం మారిపోతుంది.

డౌట్‌ఫుల్‌కి 25, 40, 100 అంటారు. కానీ జవాబులో ఎప్పుడూ ఇంకా ఎక్కువ వస్తోంది, ఎందుకు?

ఆ శాతాలు తాకట్టు విలువ కవర్ చేసే భాగానికి మాత్రమే. కవర్ కాని భాగానికి మొదటి రోజు నుంచే 100%. బాకీ 40 లక్షలు, తాకట్టు 25 లక్షలు అనుకోండి. కవర్ కాని 15 లక్షలకి పూర్తిగా 15 లక్షలు పెట్టాలి. డీ-1లో 25 లక్షల మీద 25%, అంటే 6.25 లక్షలు కలిపితే మొత్తం 21.25 లక్షలు. డీ-2లో 25 లక్షల మీద 40%, అంటే 10 లక్షలు కలిసి 25 లక్షలు. డీ-3లో రెండు భాగాలకీ 100% కాబట్టి 40 లక్షలు.

పరీక్షలో తప్పు చేసేవాళ్ళు 40 లక్షల మీద నేరుగా 25% వేసి 10 లక్షలు రాస్తారు. సగం కంటే తక్కువ. మీ జవాబు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక దారి ఉంది. డౌట్‌ఫుల్ ఖాతాకి ప్రొవిజన్ ఎప్పుడూ కవర్ కాని భాగం కంటే తక్కువ రాకూడదు. ఇక్కడ 15 లక్షల కంటే తక్కువ వచ్చిందంటే ఎక్కడో శాతం తప్పు మొత్తం మీద పడింది.

ప్రశ్నలో తాకట్టు విలువ అసలు ఇవ్వలేదు. ఏం చేయాలి?

‘డౌట్‌ఫుల్, ఒక ఏడాది వరకు: 80 లక్షలు’ అని మాత్రమే ఉంటే మొత్తానికీ సెక్యూరిటీ ఉందని అనుకుని 25%, అంటే 20 లక్షలు వేయడం పరీక్షల్లో వాడుక. ఆ ఊహని మాత్రం జవాబు కింద తప్పనిసరిగా రాయాలి. ప్రశ్నలో ఎక్కడైనా ‘అన్‌సెక్యూర్డ్ భాగం’ అని కనిపిస్తే ఈ ఊహ చెల్లదు, ఆ భాగానికి 100% వేయాల్సిందే. డీ-3కి సెక్యూరిటీ ఇచ్చినా ఇవ్వకపోయినా జవాబు మారదు.

12 నెలలు కాకముందే డౌట్‌ఫుల్ అవుతుందా?

తాకట్టు ఆస్తి కరిగిపోతే అవుతుంది. బ్యాంకు అంచనా వేసిన విలువలో, లేదా గత తనిఖీలో ఆర్‌బీఐ ఒప్పుకున్న విలువలో సగం కంటే తక్కువే ఇప్పుడు చేతికి వచ్చేలా ఉంటే ఖాతాని నేరుగా డౌట్‌ఫుల్‌లో పెట్టాలి. 40 లక్షల బాకీకి 25 లక్షలుగా లెక్కగట్టిన మిల్లు యంత్రాలు ఇప్పుడు 10 లక్షలే పలుకుతున్నాయనుకోండి. 12.5 లక్షల కంటే తక్కువ కాబట్టి డౌట్‌ఫుల్. ప్రొవిజన్: 10 లక్షల మీద 25% అంటే 2.5 లక్షలు, కవర్ కాని 30 లక్షలు, కలిపి 32.5 లక్షలు. సబ్‌స్టాండర్డ్‌గానే ఉంచి ఉంటే 6 లక్షలతో సరిపోయేది. ఖాతాని ఆలస్యంగా డౌట్‌ఫుల్ చేయాలని బ్యాంకులకి ఎందుకంత ఆశో, ఇన్‌స్పెక్టర్లు తాకట్టు విలువ రిపోర్టులనే ముందు ఎందుకు తిరగేస్తారో ఈ తేడాలోనే తెలుస్తుంది.

అదే యంత్రాలు 3 లక్షలకి పడిపోతే కథ ఇంకా ముందుకి వెళ్తుంది. బాకీలో 10%, అంటే 4 లక్షల కంటే తక్కువ. అప్పుడు తాకట్టుని లెక్కలోంచే తీసేసి లాస్ ఆస్తిగా చూపి 40 లక్షలకీ ప్రొవిజన్ పెట్టాలి, లేదా రద్దు చేయాలి.

ఈసీజీసీ గ్యారంటీ 50% ఉంది. దాన్ని ముందు తీసేయాలా, తాకట్టు ముందు తీసేయాలా?

తాకట్టు ముందు. గ్యారంటీ వర్తించేది తాకట్టు పోను మిగిలిన దానికే. ఒక ఎగుమతి వ్యాపారి బాకీ 20 లక్షలు, తాకట్టు 8 లక్షలు, ఖాతా డీ-2లో ఉంది, ఈసీజీసీ కవర్ 50%.

20 లక్షల్లోంచి తాకట్టు 8 తీస్తే 12. అందులో సగం, 6 లక్షలు, ఈసీజీసీ చూసుకుంటుంది. మిగిలిన 6 లక్షలకి 100%. తాకట్టు ఉన్న 8 లక్షలకి 40%, అంటే 3.2 లక్షలు. మొత్తం 9.2 లక్షలు.

క్రమం తిరగేసి 20లో సగం ముందే తీసేస్తే 10 మిగులుతుంది, దాంట్లోంచి తాకట్టు 8 పోతే 2, దానికి 3.2 కలిపి 5.2 లక్షలు వస్తుంది. ఈ 5.2 బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఒక ఆప్షన్‌గా కూర్చుని ఉంటుంది, చూసుకోండి. కవర్‌కి గరిష్ఠ పరిమితి ఏదైనా ప్రశ్నలో ఇస్తే అంతవరకే తీయాలి.

బాకీలో ఇంట్రెస్ట్ సస్పెన్స్ కలిసి ఉంది. దానికీ ప్రొవిజన్ పెట్టాలా?

అక్కర్లేదు. ఎన్‌పీఏ మీద వడ్డీ చేతికి వచ్చినప్పుడే ఆదాయం. రాని వడ్డీని లాభంలో కలపలేదు కాబట్టి అది పోయినా కొత్తగా నష్టం లేదు. బాకీ 12 లక్షల్లో సస్పెన్స్ లక్ష, తాకట్టు 5 లక్షలు, డీ-1 అనుకోండి. ముందు లక్ష తీస్తే 11 లక్షలు. కవర్ కానిది 6, తాకట్టు భాగం మీద 25% అంటే 1.25, మొత్తం 7.25 లక్షలు. తీయడం మరిచిపోతే 8.25 వస్తుంది.

## ఖాతా పుస్తకాల్లో రాసేటప్పుడు

ప్రతి ఏడాదీ ప్రొవిజన్ మొత్తాన్ని లాభనష్టాల ఖాతాకి డెబిట్ చేయాలా?

వద్దు, పెరిగినంత వరకే. 40 లక్షల బాకీ, 25 లక్షల తాకట్టు ఉన్న ఒక మిల్లు ఖాతా 2021 జూన్ 29న ఎన్‌పీఏ అయిందనుకుందాం. ఆపైన పైసా రాలేదు, తాకట్టు విలువ మారలేదు.

| మార్చి 31 | వర్గం | ఉండాల్సిన ప్రొవిజన్ (లక్షల్లో) | ఆ ఏడాది డెబిట్ (లక్షల్లో) |
|---|---|---|---|
| 2022 | సబ్‌స్టాండర్డ్ | 6.00 | 6.00 |
| 2023 | డీ-1 | 21.25 | 15.25 |
| 2024 | డీ-2 | 25.00 | 3.75 |
| 2025 | డీ-2 | 25.00 | 0 |
| 2026 | డీ-3 | 40.00 | 15.00 |

నాలుగో నిలువు వరస కూడితే సరిగ్గా 40 లక్షలు. దెబ్బ పడిన ఏళ్ళు రెండే చూడండి. ఒకటి డౌట్‌ఫుల్‌లోకి అడుగుపెట్టినప్పుడు, రెండోది డీ-3లోకి వెళ్ళినప్పుడు. డీ-1 నుంచి డీ-2కి మారడం పెద్ద భారమేమీ కాదు. పరీక్షలో ‘ప్రారంభ ప్రొవిజన్’ అని ట్రయల్ బ్యాలెన్స్‌లో ఒక అంకె ఇస్తే దాన్ని తీసేసి తేడా మాత్రమే రాయాలి.

బ్యాలెన్స్ షీట్‌లో ఎక్కడ చూపాలి?

రెండు రకాలకీ రెండు చోట్లు. ఎన్‌పీఏల ప్రొవిజన్‌ని అప్పుల్లోంచి తీసేసి మిగిలిన నికర మొత్తాన్ని షెడ్యూల్ 9లో చూపుతారు. స్టాండర్డ్ ఆస్తుల ప్రొవిజన్‌ని అలా తీయకూడదు. అది షెడ్యూల్ 5లో ఇతర అప్పులు, ప్రొవిజన్ల కింద విడిగా ఉంటుంది. లాభనష్టాల ఖాతాలో మాత్రం రెండూ ‘ప్రొవిజన్లు, కంటింజెన్సీలు’ అన్న ఒకే శీర్షిక కిందికి వస్తాయి. ఆదాయపన్ను ఏర్పాటు కూడా అక్కడే.

మా సీనియర్ నోట్స్‌లో 10, 20, 30 అని ఉంది. ఏది రైట్?

ఆ నోట్స్ 2011 మే కంటే ముందువి, లేదా వాటిని చూసి రాసుకున్నవి. అప్పుడు సబ్‌స్టాండర్డ్ 10%, డీ-1 20%, డీ-2 30%. ఆ నెలలో ఆర్‌బీఐ వాటిని 15, 25, 40కి పెంచింది. అన్‌సెక్యూర్డ్ సబ్‌స్టాండర్డ్ కూడా అప్పుడే 20 నుంచి 25 అయింది. పాత ప్రశ్నపత్రాలు సాధన చేసేటప్పుడు ప్రశ్న ఉంచుకుని జవాబు కొట్టేసి, కొత్త శాతాలతో మళ్ళీ వేసుకోండి.

తెలుగు మీడియంలో ఈ పేర్లు ఎలా రాయాలి?

ప్రామాణిక ఆస్తులు, ఉప ప్రామాణిక ఆస్తులు, సందేహాస్పద ఆస్తులు, నష్ట ఆస్తులు అని రాస్తే అర్థమవుతుంది. ఎన్‌పీఏకి నిరర్థక ఆస్తులు. పుస్తకానికి పుస్తకానికీ మాట కొంచెం మారుతుంది కాబట్టి మీ పాఠ్యపుస్తకంలో ఉన్నదే వాడండి. మొండి బకాయిలు అని మాత్రం రాయకండి. పేపర్లలో అన్నిటికీ కలిపి ఆ మాట వాడేస్తారు గానీ, సబ్‌స్టాండర్డ్‌లో మూడు నెలలున్న ఖాతాకీ, డీ-3లో పడిన ఖాతాకీ తేడా అందులో కనిపించదు.